అరవై రూపాయల లోటు: ఈఎంఐ బౌన్స్ అయిన రోజు నుంచి లోపల జరిగేది

2025 నవంబర్‌లో మా బాబాయి కొడుకు బైక్ కొనడానికి షోరూమ్‌కి వెళ్లాడు. కరీంనగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్. అప్పులంటే భయం ఉన్న కుర్రాడు. ఫైనాన్స్ కౌంటర్‌లో కూర్చున్న అబ్బాయి పాన్ నంబర్ కొట్టి, కాసేపు స్క్రీన్ చూసి, "అన్నా, సిబిల్ స్కోరు 681 ఉంది, మూడు నెలల నుంచి వరుసగా లేట్ పేమెంట్ చూపిస్తోంది" అన్నాడట. మావాడికి తల తిరిగిపోయింది. వాడికున్న అప్పల్లా జూన్‌లో ఒక యాప్‌లో "ఇప్పుడు కొను, తర్వాత కట్టు" పద్ధతిలో తీసుకున్న 18,000 రూపాయల ఫోన్ ఒక్కటే. నెలకు 3,000 చొప్పున ఆరు కిస్తీలు. ఆగస్టులో ఒకసారి బౌన్స్ అయిన మాట నిజమే, కానీ ఆ డబ్బు అదే నెలలో కట్టేశాడు. మరి మూడు నెలల లేట్ ఎక్కడిది?

ఆ రాత్రి నాకు ఫోన్ చేశాడు. నేను కొన్నేళ్లు ఒక ఫైనాన్స్ కంపెనీలో కిస్తీల వసూలు ఫైళ్లు బ్యాంకుకు పంపే పనిలో ఉన్నాను కాబట్టి, బ్యాంకు స్టేట్‌మెంట్, కంపెనీ ఇచ్చిన లోన్ స్టేట్‌మెంట్ రెండూ తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూశాను. మొత్తం కథకు మూలం 60 రూపాయలు.

ముందు ఒక మాట. యాప్‌లో "పే లేటర్" అని ఎంత ముద్దుగా రాసినా, లోపల అది మామూలు అప్పే. చాలావరకు యాప్ అప్పు ఇవ్వదు, మధ్యవర్తి మాత్రమే. వెనక ఒక బ్యాంకో, ఎన్‌బీఎఫ్‌సీ అనే బ్యాంకేతర ఫైనాన్స్ కంపెనీయో ఉంటుంది. క్రెడిట్ రిపోర్టులో కనిపించేది ఆ వెనకున్న కంపెనీ పేరే. చాలామంది రిపోర్టు చూసి "ఈ కంపెనీ పేరే నేనెప్పుడూ వినలేదు, ఎవరో నా పేరు మీద లోన్ తీశారు" అని కంగారుపడేది ఇందుకే. 2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన డిజిటల్ లెండింగ్ మార్గదర్శకాల నుంచీ ఎంత చిన్న అప్పైనా, ఎన్ని రోజుల అప్పైనా, అందరి అప్పుల చరిత్ర ఉంచే క్రెడిట్ బ్యూరోలకు చెప్పి తీరాలి. పే లేటర్ కూడా అందులో ఉంది. "చిన్న మొత్తాలు సిబిల్‌లోకి రావు" అని ఇంకా ఎవరైనా చెబితే అది పాత ముచ్చట.

ఇక ఆగస్టుకు వద్దాం. కిస్తీ తేదీ ప్రతి నెలా 3. ఆ నెల 3వ తేదీ ఆదివారం. మావాడి జీతం మామూలుగా 1వ తేదీన పడుతుంది, ఆ నెల ఆలస్యమైంది. అకౌంట్‌లో 2,940 రూపాయలున్నాయి. ఆదివారం బ్యాంకు ఉండదు కదా, సోమవారం చూసుకుందాంలే అనుకున్నాడు.

"ఆదివారం కూడా కట్ చేస్తారా అన్నా?" అని నన్నడిగాడు నవంబర్‌లో.

చేస్తారు. కిస్తీల వసూలుకు వాడే నాచ్ వ్యవస్థను నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నడుపుతుంది. 2021 ఆగస్టు 1 నుంచి అది ఆదివారాలు, పండగలతో సంబంధం లేకుండా రోజూ పనిచేస్తోంది. అప్పు తీసుకునేటప్పుడు డెబిట్ కార్డుతోనో, నెట్ బ్యాంకింగ్‌తోనో, ఆధార్‌తోనో ఒక ఓటీపీ కొట్టి మనం ఒప్పుకునేది ఈ నాచ్ మాండేట్‌నే, అంటే అకౌంట్ నుంచి కిస్తీ తీసుకునే అనుమతినే. ఆ రోజు వసూలు చేయాల్సిన అకౌంట్లన్నిటినీ కంపెనీ ఒక ఫైలుగా చేసి, సాధారణంగా ముందురోజే తన బ్యాంకుకు పంపుతుంది. అక్కడి నుంచి అది కార్పొరేషన్‌కు, అక్కడి నుంచి ఎవరి బ్యాంకుకు వాళ్ల భాగం వెళ్తాయి. చాలా బ్యాంకుల్లో ఉదయం పూటే అకౌంట్లను తడుముతారు. ఆ క్షణానికి అకౌంట్‌లో ఎంత వాడుకోదగ్గ డబ్బు ఉందన్నదే లెక్క. సాయంత్రం జీతం పడినా, మధ్యాహ్నం ఎవరైనా పంపినా ఆ ఉదయపు ఎంట్రీకి పనికి రాదు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. నాచ్‌లో సగం కోత ఉండదు. 3,000 అడిగితే 3,000 ఉండాలి. 2,940 ఉంటే ఆ 2,940 తీసుకుని మిగతా 60 తర్వాత చూద్దాం అనే ఏర్పాటు లేదు. మొత్తం ఎంట్రీ వెనక్కి పోతుంది. లోటు 60 రూపాయలే అయినా కంపెనీ పుస్తకాల్లో బాకీ పడింది 3,000.

మావాడు ఆ సాయంత్రం మెసేజ్ చూసుకున్నాడు. అరవయ్యే కదా తక్కువ, వంద వేస్తే సరిపోతుంది, మళ్లీ ట్రై చేస్తారులే అని స్నేహితుడి దగ్గర వంద తీసుకుని యూపీఐలో వేసుకున్నాడు. బ్యాలెన్స్ 3,040. లెక్క సరిగ్గానే ఉంది, ఒక్కటి తప్ప. కిస్తీ వెనక్కి పోయినందుకు సొంత బ్యాంకు కూడా చార్జీ వేస్తుంది. వాడి బ్యాంకులో అది 250 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 295. సోమవారం ఆ 295 కట్ అయింది. బ్యాలెన్స్ 2,745. బుధవారం 6వ తేదీన కంపెనీ రెండోసారి ఫైలు పంపింది. అప్పటికి మళ్లీ 255 రూపాయలు తక్కువ. రెండో బౌన్స్, ఇంకో 295.

నేను పనిచేసే రోజుల్లో ఇలాంటివి వందల కొద్దీ చూశాను. మొదటి బౌన్స్‌కు కారణం జీతం ఆలస్యం కావచ్చు, రెండో బౌన్స్‌కు కారణం మాత్రం తరచుగా మొదటి బౌన్స్ చార్జీయే. స్టేట్‌మెంట్‌లో ఇవి గుర్తుపట్టడం కష్టం కాదు. `ACH` అని మొదలయ్యే లైనులో కంపెనీ పేరు ఉంటుంది. ఆ తర్వాత అదే రోజో, రెండు మూడు రోజులకో రిటర్న్ చార్జీ అని ఇంకో లైను వస్తుంది. చార్జీ తీసే రోజుకు అకౌంట్‌లో అంత డబ్బు లేకపోతే దాన్ని పెండింగ్‌లో పెట్టి, జీతం పడ్డాక తీసుకునే బ్యాంకులూ ఉన్నాయి. అప్పుడది ఎందుకు కట్ అయిందో గుర్తుపట్టడం ఇంకా కష్టం.

8వ తేదీన జీతం పడింది. మావాడు అకౌంట్‌లో ఐదు వేలు వదిలేసి, ఆటో డెబిట్ ఉంది కదా, వాళ్లే తీసుకుంటారని ఊరుకున్నాడు. ఎవరూ తీసుకోలేదు. మాండేట్ ఉందంటే కంపెనీ రోజూ ప్రయత్నిస్తుందని అర్థం కాదు. ఎన్నిసార్లు, ఏ తేదీల్లో ఫైలు పంపాలన్నది ఆ కంపెనీ నిర్ణయం. ఈ కంపెనీ నెలకు రెండు ప్రయత్నాలతో ఆపేసి, తర్వాతి పని వసూలు విభాగానికి అప్పగించేది. 12వ తేదీన ఒకతను ఫోన్ చేసి లింకు పంపాడు. మావాడు వెంటనే 3,000 కట్టేశాడు. "పేమెంట్ సక్సెస్‌ఫుల్" అని వచ్చింది. మావాడి లెక్కలో అక్కడితో కథ అయిపోయింది.

కంపెనీ లెక్కలో అయిపోలేదు. వాళ్ల స్టేట్‌మెంట్‌లో ఆ 12వ తేదీ ఎంట్రీని విడమరిచి చూస్తే తెలిసింది. రెండు బౌన్స్‌లకు 350 చొప్పున 700 చార్జీ రాసుకున్నారు. బాకీపడ్డ కిస్తీ మీద ఏడాదికి 24 శాతం చొప్పున ఆలస్యపు చార్జీ, అంటే మూడు వేలకు రోజుకు సుమారు రెండు రూపాయలు, ఆ తొమ్మిది పది రోజులకు ఓ 20. మొత్తం 720. మావాడు కట్టిన 3,000లో ముందు ఈ 720 జమ చేసుకుని, మిగిలిన 2,280 కిస్తీకి వేశారు. దాంతో ఆగస్టు కిస్తీలో 720 రూపాయలు బాకీగానే మిగిలాయి.

డబ్బు ఏ వరసలో జమ చేసుకోవాలన్నది ఒప్పందంలో ఉంటుంది. కొన్ని కంపెనీలు కిస్తీకి ముందు వేసుకుని చార్జీలను విడిగా ఉంచుతాయి. కొన్ని చార్జీలు ముందు తీసుకుంటాయి. రెండో రకం కంపెనీ దగ్గర బౌన్స్ అయ్యాక కిస్తీ మొత్తం మాత్రమే కడితే తోక మిగిలిపోతుంది. ఆ తోక ఏం చేస్తుందో చూడండి.

సెప్టెంబర్ 3న ఆటో డెబిట్ సాఫీగా అయింది, 3,000 కట్ అయింది. కానీ కంపెనీ అందులో ముందు ఆగస్టు తోకను, దాని మీద పడ్డ పది రూపాయల ఆలస్యపు చార్జీని తీసుకుంది. దాంతో సెప్టెంబర్ కిస్తీలో 730 తక్కువ పడింది. అక్టోబర్ 3న వచ్చిన 3,000లో సెప్టెంబర్ తోక పోయి, అక్టోబర్ కిస్తీలో 744 తక్కువ పడింది. నవంబర్‌లో 759. మావాడు నెలనెలా తప్పకుండా కడుతూనే ఉన్నాడు, నెలనెలా బాకీదారుగానే మిగులుతున్నాడు. అకౌంట్‌లో కిస్తీ కట్ అయినట్టు కనిపిస్తోంది కాబట్టి అనుమానం రాలేదు. కంపెనీ నుంచి "ఓవర్‌డ్యూ" అని మెసేజ్‌లు వచ్చాయి, కానీ రోజూ వచ్చే "మీకు లక్ష రూపాయల లోన్ రెడీ" మెసేజ్‌లతో పాటు అవీ కొట్టుకుపోయాయి.

ఇప్పుడు క్రెడిట్ రిపోర్టు సంగతి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హైమార్క్ అని మనకు నాలుగు బ్యూరోలున్నాయి. వీటికి అప్పు ఇచ్చిన సంస్థలు ఒకప్పుడు నెలకోసారి వివరాలు పంపేవి. 2025 జనవరి 1 నుంచి కనీసం పదిహేను రోజులకోసారి, అంటే నెల మధ్యలో 15న, నెలాఖరున పంపాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. నెలకోసారి ఉన్నప్పుడు 3న బౌన్స్ అయి 20న కట్టేస్తే నెలాఖరు చిత్రంలో అది కనబడకుండా పోయే అవకాశం ఉండేది. ఇప్పుడు ఆ గడువు తగ్గిపోయింది.

పంపే వివరాల్లో అసలైనది డీపీడీ, అంటే గడువు దాటి ఎన్ని రోజులైంది అనే అంకె. గడువు తేదీ రోజు రాత్రి కంపెనీ పుస్తకాలు మూసే సమయానికి డబ్బు పూర్తిగా అందకపోతే ఆ రోజు నుంచే బాకీ లెక్క మొదలవుతుంది. ఉదయం బౌన్స్ అయినా, అదే రాత్రి లోపు యాప్‌లో పూర్తిగా కట్టేస్తే డీపీడీ పడదు. బౌన్స్ చార్జీ మాత్రం ఎటూ తప్పదు. ఈ రెండిటినీ కలిపేసి "బౌన్స్ అయింది, ఇక స్కోరు పోయినట్టే" అని ఆ రోజంతా ఏమీ చేయకుండా కూర్చునేవాళ్లున్నారు. బౌన్స్ అనేది బ్యూరోకు వెళ్లదు. వెళ్లేది ఎన్ని రోజులు బాకీ ఉన్నావన్నదే. ఆ ఒక్క రోజు చాలా విలువైంది.

డీపీడీలో ఇంకో మెలిక ఉంది. అది రోజుల లెక్కే తప్ప రూపాయల లెక్క కాదు. ఎంత మొత్తం బాకీ అన్నది రిపోర్టులో వేరే గడిలో ఉంటుంది, కానీ నెలవారీ పట్టికలో కనిపించేది రోజులే. 720 బాకీ ఉన్నా 28 రోజులే, 72,000 ఉన్నా 28 రోజులే. మావాడి రిపోర్టులో ఆగస్టు గడిలో 028, సెప్టెంబర్‌లో 027, అక్టోబర్‌లో 028 అని ఉంది. ఒక్కో నెలాఖరుకూ 3వ తేదీ నుంచి లెక్కేస్తే సరిగ్గా అంతే. షోరూమ్ కుర్రాడికి కనిపించింది ఆ మూడు గడులు. దాని వెనక బౌన్స్ అయింది ఒక్క కిస్తీయేనని ఆ పట్టికలో ఎక్కడా రాసి ఉండదు.

స్కోరు ఎంత పడింది అని వాడడిగాడు. అంతకుముందు ఎప్పుడూ చూసుకోలేదు కాబట్టి చెప్పలేం. అసలు ఒక ఆలస్యానికి ఇన్ని పాయింట్లు అని లెక్క చెప్పే వీడియోలను నేను నమ్మను. 300 నుంచి 900 మధ్య ఆ అంకెను కట్టే సూత్రం బ్యూరోలు బయటపెట్టవు. మనకు తెలిసినంతలో ఒకటి మాత్రం చెప్పొచ్చు. పదేళ్లుగా నాలుగు అప్పులు సక్రమంగా కట్టినవాడి రిపోర్టులో ఒక 028 మిగతా మంచి గడుల మధ్య కలిసిపోతుంది. మావాడిలా మొదటి అప్పే ఇది అయిన వాళ్లకు రిపోర్టు మొత్తం ఇదే. ఐదు గడుల్లో మూడు మచ్చలు. పే లేటర్ ఎక్కువగా వాడేది అలాంటి కొత్తవాళ్లే కావడం ఇందులో బాధాకరమైన సంగతి. ముప్పై రోజులు దాటితే ఆ మచ్చ ఇంకా ముదురుతుంది, తొంభై దాటితే ఆ అప్పు మొండి బాకీ కింద చేరుతుంది. ఆపైన ఏ బ్యాంకు దగ్గరైనా మాట్లాడటం కష్టమే.

చార్జీల విషయంలో రిజర్వ్ బ్యాంకు నిబంధనలు నిజానికి గట్టిగానే ఉన్నాయి. 2023 ఆగస్టు 18 నాటి సర్క్యులర్, 2024 ఏప్రిల్ నుంచి కొత్త అప్పులకు అమల్లోకి వచ్చింది. అంతకుముందు వడ్డీ రేటుకే రెండు మూడు శాతం కలిపి "పీనల్ ఇంట్రెస్ట్" వేసేవాళ్లు, అది మళ్లీ వడ్డీకి వడ్డీ పెట్టేది. ఇప్పుడు అలా వేయకూడదు. ఆలస్యానికి వేసేది చార్జీగానే ఉండాలి, అసలులో కలపకూడదు, దాని మీద వడ్డీ వేయకూడదు, తప్పుకు తగిన మోతాదులో ఉండాలి. బాకీ గుర్తుచేస్తూ పంపే ప్రతి మెసేజ్‌లోనూ ఆ చార్జీ సంగతి చెప్పాలి. ఈ చార్జీల మీద జీఎస్టీ వర్తించదని 2025 జనవరిలో ప్రభుత్వం స్పష్టం చేసింది కూడా.

కాగితం మీద ఇది బాగుంది. మావాడి కేసులో కంపెనీ చార్జీ మీద చార్జీ వేయలేదు, అది నిజం. చార్జీని ముందు వసూలు చేసుకుని, కిస్తీని బాకీగా మిగిల్చి, ఆ మిగిలిన కిస్తీ మీద ఆలస్యపు చార్జీ వేసింది. రూలు మాట తప్పలేదు, ఫలితం మాత్రం పాతదే. నన్నడిగితే జమ వరస గురించి కూడా ఒక నిబంధన ఉండాలి, కనీసం పే లేటర్ లాంటి చిన్న అప్పుల్లోనైనా కిస్తీకే ముందు వేసుకోవాలి.

ఏ చార్జీ ఎంతో తెలియాలంటే చూడాల్సింది కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్. అప్పు తీసుకునేటప్పుడు యాప్‌లోనో మెయిల్‌లోనో వచ్చే ఒకటి రెండు పేజీల కాగితం అది. 2024 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే కొత్త రిటైల్ టర్మ్ లోన్లన్నిటికీ ఇది తప్పనిసరి. అందులో రాయని చార్జీని మన స్పష్టమైన ఒప్పుకోలు లేకుండా మధ్యలో వేయకూడదు. మావాడి మెయిల్‌లో వెతికి తీస్తే దొరికింది. బౌన్స్ చార్జీ గడిలో 350 అని ఉంది, పక్కన చిన్నగా "ఒక్కో కిస్తీకి" అని ఉంది. ఒక్కో ప్రయత్నానికి కాదు. అంటే ఆగస్టు కిస్తీకి రెండుసార్లు 350 వేయడం వాళ్ల కాగితం ప్రకారమే తప్పు. ఆ ఒక్క మాటతో మా చేతికి ఒక పట్టు దొరికింది.

మరుసటి రోజు, నవంబర్ 14న, ముందు మిగిలిన బాకీ మొత్తం ఎంతో కంపెనీతో రాతపూర్వకంగా చెప్పించుకుని ఆ 764 రూపాయలూ కట్టించాను. తగాదా ఉన్న మొత్తాన్ని ఎందుకు కట్టాలని వాడికి కోపం వచ్చింది. వాదన గెలవడానికి నెల పట్టొచ్చు, ఈలోపు ఇంకో నెలాఖరు గడిలో 027 పడుతుంది. 350 కోసం దాన్ని తెచ్చుకోవడం తెలివైన పని కాదు. కట్టి, ఆ తర్వాత వెనక్కి అడగడమే దారి. ఆ తర్వాత కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, లోన్ స్టేట్‌మెంట్ రెండూ జోడించి మెయిల్ పెట్టాం. వాళ్లు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు ఆంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చు. అంతదాకా పోలేదు. మూడు వారాలకు 350 వెనక్కి వచ్చింది. వాడి బ్యాంకు బ్రాంచిలో అడిగితే రెండో 295 కూడా మొదటిసారి కదా అని తిరిగి వేశారు. అది వాళ్ల దయ, మన హక్కు కాదు.

డీపీడీ గడులు మాత్రం మారలేదు. మార్చమని అడిగాం. వాళ్ల జవాబు: అదనంగా వేసిన 350 తీసేసినా 370 బాకీ ఉన్నట్టే కదా, రోజులు అవే. చేదుగా ఉన్నా అది నిజమే. బ్యూరోలో తప్పు సమాచారాన్ని దిద్దించుకోవచ్చు, నచ్చని సమాచారాన్ని కాదు. ఒకవేళ నిజంగా తప్పు ఉంటే, అంటే డబ్బు కట్టిన రుజువు ఉండీ బాకీ చూపిస్తుంటే, ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో సరిచేయాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. ప్రతి బ్యూరో నుంచీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా తెచ్చుకోవచ్చు కాబట్టి, ఇలా బౌన్స్ అయిన నెల తర్వాతి నెలలో ఆ ఉచిత అవకాశాన్ని వాడుకోవడం మంచిది. డబ్బు తీసుకుని స్కోరు "రిపేర్" చేస్తామనే వాళ్లు మన తరఫున పెట్టేది కూడా ఇదే ఫిర్యాదు.

బౌన్స్ మెసేజ్ వచ్చిన రోజు ఏం చేసి ఉండాల్సిందని వాడు తర్వాత అడిగాడు. అకౌంట్‌లో వంద వేయడం బదులు, యాప్ తెరిచి "మొత్తం బాకీ" అని చూపించే అంకెను ఆ రాత్రిలోపే నేరుగా కట్టేయాల్సింది. అది కిస్తీ కంటే ఎక్కువే ఉంటుంది, ఎక్కువ ఉండటమే సరైన గుర్తు. సరిగ్గా 3,000 చూపిస్తే చార్జీలు ఇంకా ఎక్కలేదని అర్థం, అది ఆ రాత్రే కట్టేసి, రెండు రోజులాగి మళ్లీ చూడాలి. కట్టే ముందు రెండో ప్రయత్నం ఏ తేదీనో కస్టమర్ కేర్‌ను అడగాలి. ఫైలు ముందురోజే వెళ్లిపోతుంది కాబట్టి, ఈ సాయంత్రం కట్టినా రేపు ఉదయం ఇంకో 3,000 కట్ కావచ్చు. అలా రెండుసార్లు పోతే ఒకటి వెనక్కి వస్తుంది, కానీ ఆ వారం రోజులు చేతిలో డబ్బుండదు. ఇక కట్టిన వారానికి లోన్ స్టేట్‌మెంట్ తెప్పించుకుని బాకీ గడిలో సున్నా ఉందో లేదో చూడాలి. "పేమెంట్ సక్సెస్‌ఫుల్" అంటే డబ్బు చేరిందని మాత్రమే, బాకీ తీరిందని కాదు. మావాడు చేయని వాటిలో అసలైనది ఇదే.

నాచ్ బదులు యూపీఐ ఆటోపే పెట్టుకున్నవాళ్లకు కొంత తేడా ఉంటుంది. 15,000 లోపు కిస్తీకి ప్రతిసారీ పిన్ అడగదు, కానీ 24 గంటల ముందు మెసేజ్ రావాలి. ఆ మెసేజ్ మీకున్న ఒక్క రోజు గడువు. 2025 ఆగస్టు నుంచి ఈ డెబిట్లను రద్దీ లేని వేళల్లోనే నడపాలని, మొదటిది కాక మూడు ప్రయత్నాలకు మించకూడదని పరిమితి పెట్టారు. ఏ దారిలోనైనా, యాప్‌లోకి వెళ్లి మాండేట్ రద్దు చేస్తే అప్పు రద్దు కాదు. కట్ కావడం ఆగుతుంది, డీపీడీ నడుస్తూనే ఉంటుంది.

బెదిరింపుల గురించి కూడా అడిగాడు. ఆగస్టులో ఫోన్ చేసినతను "సెక్షన్ 25 కింద జైలు" అన్నాడట. అది గాలి మాట కాదు. 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టంలో ఆ సెక్షన్ ఉంది, డబ్బు చాలక ఎలక్ట్రానిక్ డెబిట్ వెనక్కి పోతే రెండేళ్ల దాకా శిక్ష అని అందులో ఉంది. కానీ చెక్ బౌన్స్ కేసు లాగే దానికీ ఒక వరస ఉంది. 30 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, నోటీసు అందాక 15 రోజుల గడువు ఉంటుంది, అప్పటికీ కట్టకపోతేనే కోర్టు. ఫోన్‌లో వినిపించిన సెక్షన్ నంబర్ నోటీసు కాదు. అలాగే ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు, బంధువులకు చేసి పరువు తీయకూడదు. 2020 డిసెంబర్‌లో లోన్ యాప్‌ల వేధింపుల మీద హైదరాబాద్‌లో పోలీసులు కాల్ సెంటర్లపై దాడులు చేసిన రోజులు మనకు గుర్తే. డిజిటల్ అప్పుల మీద రిజర్వ్ బ్యాంకు వర్కింగ్ గ్రూపు వేసింది ఆ మరుసటి నెలలోనే.

మావాడికి ఆ 60 రూపాయల లోటు ఖరీదు 1,354 రూపాయలు పడింది. వెనక్కి వచ్చిన 645 తీసేస్తే 709. బైక్ లోన్ ఆ షోరూమ్‌లో రాలేదు, మా బాబాయి దగ్గర సగం తీసుకుని సెకండ్ హ్యాండ్ బండి కొన్నాడు. డిసెంబర్ 3న చివరి కిస్తీ పోయింది. ఇప్పుడు రిపోర్టులో ఆ లోన్ పక్కన "క్లోజ్డ్" అని ఉంది, నవంబర్ గడిలో 000 ఉంది. దాని ముందున్న 028, 027, 028 మాత్రం అలాగే ఉన్నాయి. ఆ పట్టిక 36 నెలలు చూపిస్తుంది.

"అంటే 2028 దాకానా అన్నా?" అన్నాడు వేళ్ల మీద లెక్కేసుకుని.